మేఘమథనం: షోలాపూర్ లెక్క రాయలసీమకు ఏమి చెబుతుంది?

86 కోట్ల 70 లక్షల లీటర్లు. మహారాష్ట్రలోని షోలాపూర్ పరిసరాల్లో 2018, 2019 వర్షాకాలాల్లో జరిపిన మేఘమథన ప్రయోగం వల్ల అదనంగా కురిసినట్టు అంచనా వేసిన నీరు ఇది. వార్తగా చదివితే కళ్లు చెదిరే అంకె. మన ప్రాంతంలో జలాశయాలను కొలిచేది లీటర్లలో కాదు, టీఎంసీలలో. ఒక టీఎంసీ అంటే దాదాపు 2,832 కోట్ల లీటర్లు. ఆ కొలమానంలో రెండు వర్షాకాలాల షోలాపూర్ ఫలితం 0.03 టీఎంసీ. ఒక్క టీఎంసీ కావాలంటే అలాంటి ప్రయోగాలు ముప్పైకి పైగా జరగాలి, అన్నీ అదే స్థాయిలో సఫలం కావాలి.

ప్రయోగం విఫలమైందని చెప్పడానికి ఈ లెక్క వేయలేదు. భారతదేశంలో మేఘమథనంపై జరిగిన అత్యంత జాగ్రత్తయిన పరీక్షల్లో అది ఒకటి, దాని ఫలితం సానుకూలమే. అయితే కరవు ముంచుకొచ్చిన ప్రతిసారీ విమానాలు, రసాయనాలు, టెండర్ల మాట వినిపిస్తుంది. ఆ మాటలో ఎంత బలముందో తూచడానికి ఇంతకంటే మంచి తూకపు రాయి మనకు లేదు.

మేఘంలో నీరున్నా వాన ఎందుకు కురవదన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. మేఘంలోని నీటి బిందువు వ్యాసం సాధారణంగా 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు, యాభయ్యో వంతు. నేలను చేరే వాన చినుకు వ్యాసం ఒకటి, రెండు మిల్లీమీటర్లు. ఒక చినుకు తయారు కావాలంటే సుమారు పది లక్షల మేఘ బిందువులు ఒకటి కావాలి. చిన్న బిందువులు సెకనుకు ఒకటిన్నర సెంటీమీటర్ల వేగంతో కూడా పడవు. మేఘంలో పైకి లేచే గాలి వేగం సెకనుకు మీటరు, అంతకంటే ఎక్కువ. కాబట్టి అవి పైపైకి వెళ్తాయే తప్ప కిందికి దిగవు. అన్నీ ఒకే పరిమాణంలో ఉంటే ఒకే వేగంతో కదులుతాయి, ఢీకొనవు, కలవవు. కొన్నయినా 30, 40 మైక్రాన్లకు పెరిగితే అవి మిగతావాటికంటే వేగంగా కదులుతూ దారిలో చిన్నవాటిని కలుపుకుంటాయి. అక్కడి నుంచి పెరుగుదల చాలా వేగంగా సాగుతుంది. ఆ మొదటి పెద్ద బిందువులు పుట్టడమే కష్టం.

పడమటి కనుమలకు తూర్పున ఉన్న వర్షచ్ఛాయా ప్రాంతంలో ఈ కష్టం మరీ ఎక్కువ. అరేబియా సముద్రం నుంచి వచ్చే తేమ గాలి కనుమలెక్కేటప్పుడే చాలావరకు నీటిని దింపేస్తుంది. మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా కురిస్తే, తూర్పున షోలాపూర్‌కు అందులో ఆరో వంతు కూడా దక్కదు. దానికి తోడు నేల మీది దుమ్ము, పొగ గాలిలో కలిసి ఉంటాయి. నీటి ఆవిరి బిందువుగా మారడానికి ఏదో ఒక రేణువు ఆధారం కావాలి. రేణువులు విపరీతంగా ఉంటే ఉన్న కాస్త ఆవిరినీ అవన్నీ పంచుకుంటాయి. లెక్కలేనన్ని బిందువులు పుడతాయి, ఒక్కటీ ఎదగదు.

షోలాపూర్‌లో ఎక్కువగా వాడిన పద్ధతి ఇక్కడే జోక్యం చేసుకుంటుంది. విమానం రెక్కలకు కాల్షియం క్లోరైడ్ వంటి లవణం నింపిన ఫ్లేర్లు అనే మండే గొట్టాలు కట్టి, ఎదుగుతున్న మేఘం అడుగుభాగం కింద, గాలి పైకి లేచే చోట వాటిని మండిస్తారు. పొగతోపాటు తేమను లాక్కునే లవణ రేణువులు మేఘంలోకి పోతాయి. అక్కడున్న మామూలు రేణువులకంటే ఇవి పెద్దవి, తేమకు మరింత ఆశపడేవి. ఆవిరి ముందుగా వీటి మీదే చేరుతుంది. ఫలితంగా తక్కువ సంఖ్యలో, పెద్ద బిందువులు తయారవుతాయి. ఢీకొని కలవడం త్వరగా మొదలవుతుంది.

రెండో పద్ధతి చల్లని మేఘాలకు సంబంధించింది. నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం కానీ, మేఘంలోని సూక్ష్మ బిందువులు సున్నాకు చాలా దిగువన కూడా ద్రవంగానే ఉండగలవు. అలాంటి బిందువుల మధ్య ఒక మంచు స్ఫటికం పుడితే, చుట్టూ ఉన్న ఆవిరి ద్రవ బిందువులను విడిచి స్ఫటికం మీద చేరుతుంది. బిందువులు ఆవిరైపోతుంటే స్ఫటికం పెరిగి బరువెక్కి పడుతుంది, దారిలో కరిగి వాన అవుతుంది. సిల్వర్ అయొడైడ్ స్ఫటికాల నిర్మాణం మంచు నిర్మాణానికి దగ్గరగా ఉండటంతో, సుమారు మైనస్ 5 డిగ్రీల నుంచి అది మంచు పుట్టడానికి పీఠంగా పనిచేస్తుంది. 1946లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ పొడి మంచుతోనూ, బెర్నార్డ్ వోనెగట్ సిల్వర్ అయొడైడ్‌తోనూ కనుగొన్నది ఇదే. దక్కన్ పీఠభూమి మీద వర్షాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయేది సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తులో. అంటే ఈ పద్ధతి పనిచేయాలంటే మేఘం అంతకు మించి ఎదిగి ఉండాలి. అంతగా ఎదిగిన మేఘం చాలాసార్లు తనంతట తానే కురుస్తుంది కూడా.

ఈ రెండు పద్ధతుల్లోనూ బయటి నుంచి కొత్తగా చేరే నీరు ఒక్క చుక్క లేదు. మేఘం తనలోని నీటిని వానగా మార్చే తీరును కాస్త మెరుగుపరచడమే జరిగేది. ఆ నీరెంతో చూద్దాం. వానరాని చిన్న మబ్బు ఒకటి, కిలోమీటరు మందం ఉందనుకుందాం. ఘనపు మీటరు గాలిలో అర గ్రాము నీరుందనుకుందాం. మబ్బు మొత్తాన్ని చివరి బిందువు వరకు పిండినా నేల మీద పడేది అర మిల్లీమీటరు. దుమ్ము అణగడానికి కూడా చాలదు. మంచి వాన కురిసే మేఘం తన కడుపులో ఉన్న నీటితో కురవదు. కింది నుంచి తేమ గాలి అర గంట, గంట పాటు ఎడతెగకుండా ఎక్కివస్తుంటే ఆ తేమను వానగా మారుస్తూ పోతుంది. ఆ సరఫరా లేనిచోట ఏ రసాయనమూ చేయగలిగింది లేదు.

ఇప్పుడు షోలాపూర్ ప్రయోగం దగ్గరకు వద్దాం. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2009 నుంచి నడుపుతున్న పరిశోధన కార్యక్రమంలో ఇది నాలుగో దశ. ప్రాజెక్టుకు నాయకత్వం వహించినది తారా ప్రభాకరన్. షోలాపూర్‌లో రాడార్ పెట్టారు, చుట్టూ వర్షమాపకాలు అమర్చారు. రసాయనం చల్లడానికి ఒక విమానం, మేఘంలోని బిందువులను కొలవడానికి మరో విమానం. మొత్తం 276 మేఘాలను ఎంచుకున్నారు. ఎంచుకున్న ప్రతి మేఘానికీ రసాయనం అందలేదు. ఏ మేఘానికి చల్లాలి, దేన్ని వదలాలి అన్నది చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించి, చల్లినవాటిని వదిలేసినవాటితో పోల్చారు.

ఫలితం రెండు అంకెల్లో చెప్పారు. కొన్ని చోట్ల వాన పెరుగుదల 46 శాతం వరకు, 13 శాతం అటూ ఇటూగా. చల్లిన చోటికి గాలివాలున ఉన్న వంద చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి సగటు తీస్తే 18 శాతం. పత్రికల శీర్షికల్లోకి మొదటి అంకె త్వరగా ఎక్కుతుంది, రైతుకు పనికొచ్చేది రెండోది. దాన్నీ జాగ్రత్తగా చదవాలి. ఆ ఏడాది వర్షపాతం 18 శాతం పెరిగిందని దాని అర్థం కాదు. తగినవని ఎంచుకున్న మేఘాల కింద, ఆ పరిమిత ప్రాంతంలో, రసాయనం చల్లకుండా వదిలేసిన మేఘాలతో పోలిస్తే పెరిగిన వాన అది. మొదట చెప్పిన 86.7 కోట్ల లీటర్లను వంద చదరపు కిలోమీటర్ల మీద సమంగా పరిస్తే తొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ లోతు వస్తుంది. సరిగ్గా చల్లినా అలాంటి మేఘాలు వాన కురిపించే అవకాశం 20–25 శాతమేనని కూడా ఆ బృందం చెప్పింది. కురవగలిగీ కురవని మేఘాలు కొన్ని ఉన్నాయన్న ఆశ ఆ మేరకే.

ఈ 18 శాతాన్ని అనంతపురం వేరుశనగ చేలోకి తెద్దాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల అది. ఆగస్టులో ఊడలు దిగి కాయ ఊరే వేళకు మూడు వారాలు చినుకు లేదనుకుందాం. నాలుగో వారంలో ఒక మేఘం వచ్చి పది మిల్లీమీటర్లు కురవబోతోంది. మేఘమథనం షోలాపూర్‌లో మాదిరే పనిచేస్తే 11.8 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఎండకు, గాలికి పైరు, నేల కలిసి రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల నీటిని కోల్పోయే కాలం అది. అదనంగా వచ్చిన 1.8 మిల్లీమీటర్లు సగం రోజుకు సరి. ఇక ఆ ముందు గడిచిన మూడు వారాల సంగతి? సున్నాలో 18 శాతం సున్నాయే.

ఆ మూడు వారాలు మేఘాలు అసలు లేవని కాదు. రాయలసీమలో జూలై, ఆగస్టు నెలల్లో పడమటి గాలి హోరున వీస్తుంటే మబ్బులు పొద్దంతా తూర్పుకు పరుగెడుతూనే ఉంటాయి, నేల మాత్రం తడవదు. రైతుకు సహజంగానే అనిపిస్తుంది: ఇన్ని మబ్బులున్నాయే, వీటిలో ఒక్కదాన్నయినా ఆపి కురిపించలేరా అని. వర్ష విరామం వచ్చినప్పుడు వానలు తెచ్చే అల్పపీడన పట్టీ అయిన రుతుపవన ద్రోణి హిమాలయ పాదాల వైపు జరిగిపోతుంది. మధ్య, దక్షిణ భారతం మీద పై గాలి నెమ్మదిగా కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కుతుంది, పొడిబారుతుంది, మేఘాల నెత్తిన మూతలా కూర్చుంటుంది. మబ్బు ఆ మూతను దాటి ఎదగలేదు. మనం ఇందాక పిండి చూసిన కిలోమీటరు మందపు మబ్బు అదే. కరవును తెచ్చిన గాలులే మేఘమథనానికి పనికొచ్చే మేఘాలనూ అడ్డుకుంటాయి. 2002 జూలైలో దేశమంతటా సగటున సాధారణ వర్షంలో సగమే కురిసింది. అటువంటి నెలలో వేల కిలోమీటర్ల మేర జరిగిన మార్పును రెక్కలకు కట్టిన ఫ్లేర్లు తిరగరాయలేవు.

ఆ కరవు మరుసటి ఏడాదే, 2003లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయలసీమలో మేఘమథనం మొదలుపెట్టింది. జేఎన్‌టీయూ పర్యవేక్షణలో కొన్నేళ్లు సాగింది. అదే ఏడాది కర్ణాటక, మహారాష్ట్ర కూడా విమానాలు ఎగరేశాయి. ఇవన్నీ వాన కురిపించడానికి చేపట్టిన కార్యక్రమాలే తప్ప, చల్లిన మేఘాన్ని చల్లకుండా వదిలేసిన మేఘంతో పోల్చే పరీక్షలు కావు. చిక్కంతా అక్కడే.

ఎదుగుతున్న మేఘాన్ని రాడార్‌లో చూసి ఎంచుకుని, దాని కింద ఫ్లేర్ కాల్చి, అర గంట తర్వాత వాన పడితే ఆ వాన ఎవరిది? ఎంచుకున్నదే బాగా ఎదిగే మేఘాన్ని. అది ఎలాగూ కురిసేదేమో. పక్కపక్కన ఉన్న రెండు మేఘాల్లో ఒకటి కురిసి మరొకటి కురవకపోవడం రోజూ చూసేదే. ఒకే మండలంలో ఒక ఊరు తడిసి పక్క ఊరు ఎండటం మనకు కొత్త కాదు. ప్రకృతిలోనే ఇంత తేడా ఉన్నప్పుడు దానిలో 10, 15 శాతం పెరుగుదలను వెతికి పట్టుకోవాలంటే వందల మేఘాలు, ఏళ్ల ఓపిక, వదిలేసిన మేఘాలతో పోలిక కావాలి. ఇన్ని మేఘాలకు చల్లాం, ఇన్నింటిలో వాన పడింది అనే నివేదికకు, అందులో అంకెలు ఎంత నిక్కచ్చిగా ఉన్నా, ఏ విలువా లేదు.

మేఘమథనం పనిచేస్తుందని చెప్పడానికి చాలాకాలం చూపించిన ఉదాహరణ ఇజ్రాయెల్. 1960లలో అక్కడ జరిగిన తొలి యాదృచ్ఛిక ప్రయోగం సుమారు 15 శాతం పెరుగుదల చూపింది. దాన్ని నమ్మి దశాబ్దాల పాటు కిన్నెరెట్ సరస్సు పరీవాహక ప్రాంతం మీద సిల్వర్ అయొడైడ్ చల్లారు. పాత గణాంకాలను తిరగేసిన శాస్త్రవేత్తలు ఆ పెరుగుదల కాకతాళీయం కావచ్చని వాదించారు. చివరకు 2014 నుంచి 2020 వరకు మళ్లీ యాదృచ్ఛిక పరీక్ష పెట్టారు. తేలింది 1.8 శాతం. అంత చిన్న తేడా రసాయనం చల్లకపోయినా రావచ్చు. కార్యక్రమాన్ని ఆపేశారు. నీటి విషయంలో చుక్క కూడా వృథా చేయని దేశం ఆ నిర్ణయం తీసుకుంది.

మరోవైపు, రసాయనానికీ వానకూ మధ్య గొలుసు ఉందని కంటితో చూపించిన ప్రయోగమూ ఉంది. 2017 జనవరిలో అమెరికాలోని ఐడహో పర్వతాల మీద విమానం అటూ ఇటూ తిరుగుతూ సిల్వర్ అయొడైడ్ చల్లింది. కొంతసేపటికి రాడార్ తెర మీద సరిగ్గా ఆ విమానం వెళ్లిన మెలికల ఆకారంలోనే మంచు గీతలు కనిపించాయి. ప్రకృతి అలాంటి గీతలు గీయదు. అంటే యంత్రాంగం నిజం. ఆ రోజుల్లో ఒకరోజు ఇరవై నిమిషాల చల్లింపు వల్ల సుమారు లక్షా ఇరవై మూడు వేల ఘనపు మీటర్ల నీటికి సమానమైన మంచు పడిందని లెక్కగట్టారు. రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంలో పరుచుకున్న ఆ నీటి లోతు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. పైగా అవి చలికాలంలో కొండలను పట్టుకుని గంటల తరబడి నిలిచే మేఘాలు. అర గంటలో పుట్టి పోయే మన వేసవి, రుతుపవన మేఘాల మీద అంత స్పష్టమైన గీతలు గీయడం సాధ్యం కాదు.

ఖర్చు సంగతి చూస్తే షోలాపూర్ అంచనా లీటరుకు 18 పైసలు. స్వదేశీ విమానం వాడితే సగానికి తగ్గవచ్చన్నారు. లీటరుకు 18 పైసలంటే 5,000 లీటర్ల ట్యాంకరుకు 900 రూపాయలు. ఎండాకాలంలో పట్టణాల్లో ట్యాంకరు ధర తెలిసినవారికి ఇది అధికంగా తోచదు. కానీ ట్యాంకరు ఇంటి ముందుకు వస్తుంది, మేఘం రాదు. కొండ మీద, బండ మీద, రోడ్డు మీద, బీడు మీద పడిన ప్రతి లీటరూ ఆ 18 పైసల్లో కలిసే ఉంది. సాగు లెక్క ఇంకా కఠినం. ఎకరానికి 25 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే లక్ష లీటర్లు పడుతుంది. లీటరుకు 18 పైసల చొప్పున ఎకరాకు ఒక్క తడికి 18,000 రూపాయలు. ధర సగానికి తగ్గినా 9,000. మెట్ట పైరు ఆ ఖర్చును ఎప్పటికీ తిరిగి ఇవ్వలేదు.

మేఘమథనాన్ని అతిగా నమ్మేవారిలాగే అతిగా భయపడేవారూ ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో దుబాయ్, షార్జా వీధులు నీట మునిగినప్పుడు అక్కడున్న తెలుగువారి ఫోన్లలోనూ తిరిగిన వార్త మేఘమథనం వల్లే వరద వచ్చిందని. అల్ ఐన్ ప్రాంతంలో ఒకచోట ఒక్కరోజులో 250 మిల్లీమీటర్లకు పైగా కురిసింది, తుపాను వ్యవస్థ వస్తుందని రోజుల ముందే సూచనలున్నాయి, అది ఒమన్‌నూ ముంచింది. కిందటి పేరాల్లోని 1.8 మిల్లీమీటర్లను గుర్తుపెట్టుకున్నవారికి ఆ వదంతిని వేరే ఖండించనక్కర లేదు. దానికి పూర్తి వ్యతిరేక దృశ్యం 2025 అక్టోబరులో ఢిల్లీలో కనిపించింది. కాలుష్యాన్ని కడగడానికి ఐఐటీ కాన్పూర్ బృందం విమానం నడిపింది. మేఘాల్లో తేమ చాలా తక్కువ. నగరం తడవలేదు.

ఇంతకీ ఈ పరిజ్ఞానానికి చోటు ఎక్కడంటే, కరవు లేని ఏడాదిలో, లేదా కరవు ఏడాదిలోనే అల్పపీడనం వచ్చి మేఘాలు బాగా ఎదిగే ఆ కొద్ది రోజుల్లో, జలాశయాల పరీవాహక ప్రాంతాల మీద. అప్పుడు పడిన అదనపు మిల్లీమీటర్లు చెరువులో చేరి నిల్వ ఉంటాయి, చేలో పడి ఆవిరైపోవు. అందుకు రాడార్, విమానం, సిబ్బంది జూన్ ఆరంభానికే సిద్ధంగా ఉండాలి. మన దగ్గర జరిగేది మాత్రం మరోలా ఉంటుంది: జూలై ఎండిపోతుంది, ఆగస్టులో ఒత్తిడి పెరుగుతుంది, టెండరు పిలుస్తారు, విమానం వచ్చేసరికి సెప్టెంబరు. సెప్టెంబరు, అక్టోబరు రాయలసీమకు సహజంగానే వానలు బాగా పడే నెలలు. వాన పడుతుంది, ఘనత విమానానికి పోతుంది.

ఆ ఘనత నిజమా కాదా తేల్చే దారి ఒక్కటే. తగిన మేఘాల్లో దాదాపు సగాన్ని, చీటీ ప్రకారం, కావాలని వదిలేయాలి. వదిలేసిన మేఘం కింద ఏ నియోజకవర్గం ఉందో ముందే తెలిసిన ప్రభుత్వానికి అది మింగుడుపడే పని కాదు. పరిశోధన సంస్థ కాబట్టి షోలాపూర్‌లో అది చేయగలిగింది.